ప్రాజెక్టుకు కోడ్‌నేమ్: పని చెప్పే పేరా, ఏమీ చెప్పని పేరా, అక్షరాల వరుసా?

కొత్త ప్రాజెక్టు మొదలవుతుంది. రిపో తెరవాలి, టికెట్ బోర్డు పెట్టాలి, చాట్‌లో ఒక ఛానెల్ కావాలి. అన్నింటికీ ఒక పేరు కావాలి, అదీ ఇవాళే. ఒకరు "రీఫండ్ 2.0 అందాం" అంటారు. ఇంకొకరు "గరుడ బాగుంటుంది" అంటారు. మూడోవారు నదుల పేర్ల జాబితా ఒకటి బయటికి తీస్తారు. అరగంట వాదన తర్వాత ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పేరు ఖాయమవుతుంది. ఆ పేరు ఏడేళ్లపాటు కోడ్‌లో ఉండిపోతుందని అప్పుడు ఎవరికీ తట్టదు.

ఈ ముగ్గురూ చెప్పింది మూడు రకాల పేర్లు. అక్షరాల వరుసలో పెట్టేది నాలుగో రకం. ఒక్కో రకానికి సరిపడే చోటు ఒకటుంటుంది, చెడగొట్టే చోటు ఒకటుంటుంది. ముందు అసలు కోడ్‌నేమ్ ఎందుకు పుట్టిందో చూస్తే ఎంపిక తేలికవుతుంది.

## నంబరు ముందే పెడితే ఏమైంది

డెబియన్ లినక్స్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1995 చివర్లో డెబియన్ 1.0 ఇంకా తయారీలోనే ఉంది. సీడీలు అమ్మే ఒక కంపెనీ పొరపాటున ఆ సగం పనిని తీసుకుని, దానికి 1.0 అని పేరు పెట్టి జనంలోకి పంపేసింది. అసలు రిలీజ్‌కు అదే నంబరు పెడితే ఏది నిజమైన 1.0 అనే గందరగోళం తప్పదు. అందుకే డెబియన్‌లో 1.0 అనే అధికారిక రిలీజే లేదు. 1996 జూన్‌లో నేరుగా 1.1 వచ్చింది, `buzz` అనే కోడ్‌నేమ్‌తో.

అప్పటినుంచి అక్కడి పద్ధతి ఇది. తయారీలో ఉన్న రిలీజ్ డైరెక్టరీకి మొదటి రోజునుంచే కోడ్‌నేమ్ ఉంటుంది. అది పూర్తయ్యాక పేరు మారదు, `stable` అనే గుర్తు మాత్రం దానివైపు తిరుగుతుంది. ప్రపంచమంతా ఉన్న మిర్రర్ సర్వర్లు ఫైళ్లను ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చుకోవాల్సిన పని కూడా తప్పుతుంది. ఈ రెండు లైన్ల మధ్య తేడా చూడండి:

```
deb http://deb.debian.org/debian bookworm main
deb http://deb.debian.org/debian stable main
```

మొదటి లైను ఎప్పటికీ డెబియన్ 12నే చూపిస్తుంది. రెండోది 2025 ఆగస్టుదాకా డెబియన్ 12ను చూపించింది, ఆ తర్వాత 13ను చూపించడం మొదలుపెట్టింది. మొదటిది వస్తువు పేరు, రెండోది అది కూర్చున్న కుర్చీ పేరు. కుర్చీలో మనిషి మారతాడు.

కోడ్‌నేమ్‌కు ఉన్న అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. వస్తువు ఇంకా తేలలేదు, నంబరు ఖాయం కాలేదు, తేదీ జారొచ్చు, మార్కెటింగ్ పేరు ఎవరో పెడతారు. అవన్నీ మారినా దేని గురించి మాట్లాడుతున్నామో చెప్పడానికి కదలని పిలుపు ఒకటి కావాలి. ఏ సంగతీ చెప్పని పేరు ఏ సంగతి మారినా తప్పు కాదు.

## దేన్నిబట్టి ఎంచాలి

నేను నాలుగు విషయాలే చూస్తాను. పేరు అందంగా ఉందా లేదా అన్నది అందులో లేదు.

మొదటిది, పరిస్థితి మారితే పేరు అబద్ధం అవుతుందా? రెండోది, కాల్‌లో విన్నవాళ్లంతా ఒకే స్పెల్లింగ్ రాస్తారా, పక్క ప్రాజెక్టు పేరుతో కలిసిపోకుండా వినిపిస్తుందా? మూడోది, కోడ్‌లో, మెయిల్లో, చాట్‌లో వెతికితే అది తప్ప వేరేదేదీ దొరక్కుండా ఉంటుందా? నాలుగోది, నిన్న చేరినవాళ్లు ఆ పేరు చూసి అదేంటో ఎవర్నీ అడక్కుండా తెలుసుకోగలరా?

రెండో ప్రశ్నను జనం తేలిగ్గా తీసుకుంటారు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను గుర్తుందా? ఇంగ్లిష్‌లో Michaung అని రాశారు, పలకాల్సింది మాత్రం "మిగ్‌జాం" అని. మన పేపర్లలో, టీవీల్లో మిచౌంగ్, మిచాంగ్, మిగ్‌జాం అన్నీ కనిపించాయి. ఉత్తర హిందూ మహాసముద్రం తుఫాన్ల కోసం 13 దేశాలు కలిసి 2020లో ఇచ్చిన 169 పేర్ల జాబితాలోది అది. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, పలకడానికి తేలిగ్గా ఉండాలి అన్న నియమాలు ఆ జాబితాకు ఉన్నాయి. అయినా ఇలా జరిగింది. పేరు పెట్టినవాళ్ల నోటికి తేలికైనది విన్నవాళ్ల చేతికి తేలిక కాకపోవచ్చు. మన టీముల్లో హైదరాబాద్, చెన్నై, డాలస్ ఒకే కాల్‌లో ఉంటాయి కాబట్టి ఇది మనకు రోజువారీ సమస్య.

## పని చెప్పే పేరు

`refund-service`, `invoice-pdf` లాంటివి. నాలుగో ప్రశ్నకు వీటిని మించినవి లేవు. అర్ధరాత్రి అలర్ట్ వచ్చి, నిద్రమత్తులో లాగ్ తెరిచినవాళ్లకు `invoice-pdf` అని కనిపిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. అక్కడ `garuda-prod-3` అని ఉంటే ముందు గరుడ అంటే ఏంటో వెతుక్కోవాలి.

చెడేది మొదటి ప్రశ్న దగ్గర. `email-sender` అని పెట్టిన సర్వీస్ రెండేళ్లకు ఎస్ఎంఎస్‌లు, వాట్సాప్ సందేశాలు కూడా పంపుతుంటుంది. కొత్తవాళ్లు ఎస్ఎంఎస్ కోడ్ కోసం ఊరంతా వెతికి, చివరికి ఈమెయిల్ రిపోలో చూసి ఆశ్చర్యపోతారు. ఏమీ చెప్పని పేరు అడిగిస్తుంది, తప్పు చెప్పే పేరు అడగనివ్వదు. అందుకే రెండోదే ఎక్కువ ప్రమాదం.

దీనికి సగం మందు ఉంది. చేసే పనిబట్టి కాకుండా, అది కాపాడే డేటానుబట్టి పేరు పెట్టండి. పంపే దారులు మారతాయి, కానీ "ఎవరికి ఏ సందేశం వెళ్లింది" అనే రికార్డు ఎక్కడుందో అది అంత తొందరగా మారదు. `email-sender` కంటే `customer-messages` ఎక్కువకాలం నిలుస్తుంది.

"న్యూ", "నెక్స్ట్", "2.0" తగిలించడం మాత్రం పని చెప్పే పేరు కాదు, అది పెట్టిన రోజు చెప్పే పేరు. `new-checkout` పాతబడ్డాక దాని తర్వాతిదానికి ఏం పేరు పెడతారు? `new-checkout-v2` అని పెట్టిన రిపోలు నిజంగానే ఉన్నాయి.

## ఏమీ చెప్పని ఒక్క మాట

పనికి సంబంధం లేని మాట. రహస్యం కావాలనుకున్నప్పుడు ఇదే దారి. అయితే ఒక షరతు: ఎంచేవాళ్లు తెలివి చూపించకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బాంబర్లకు దారి చూపే ఒక రేడియో పద్ధతికి వోటాన్ అని పేరు పెట్టారు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్.వి. జోన్స్ ఆ పేరు గురించి జర్మన్ భాష తెలిసిన సహోద్యోగిని అడిగితే, వోటాన్ ఒంటికన్ను దేవుడని చెప్పాడు. అయితే ఇది ఒకే కిరణంతో నడిచే పద్ధతి అయ్యుంటుందని ఊహించారు, ఆ ఊహ నిజమైంది. పనికీ పేరుకూ లోపల్లోపల పోలిక పెట్టుకుంటే బయటివాళ్లు అదే పట్టుకుంటారు. బ్యాంకు క్లయింటు ప్రాజెక్టుకు "కుబేర" అని పెట్టడం ఈ కోవలోదే. ముందే రాసిపెట్టుకున్న జాబితాలోంచి తర్వాతి పేరు కళ్లు మూసుకుని తీయడం మేలు.

బతికున్న మనిషి పేరు మాత్రం వద్దు. 1994లో వచ్చిన పవర్ మ్యాకింటాష్ 7100కు ఆపిల్ లోపల్లోపల ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ పేరు పెట్టుకుంది. సంగతి బయటికి పొక్కింది, ఆయన అభ్యంతరం చెప్పారు, చివరికి వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. లోపలి పేరు లోపలే ఉంటుందనుకోవడం తప్పని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

## ఒకే కుటుంబం పేర్లు

నదులు, కొండలు, స్వీట్లు, సినిమా పాత్రలు. టీములకు ఎక్కువ ఇష్టమైన దారి ఇదే, నాకు ఎక్కువ అనుమానం ఉన్నదీ ఇదే. మొదటి నాలుగు పేర్లదాకా హాయిగా నడుస్తుంది, ఆ తర్వాత ఒకదానికొకటి అడ్డొస్తాయి.

ఇంటెల్ ప్రాసెసర్లలో "లేక్" పేర్ల వరుస గమనించారా? స్కైలేక్, కేబీ లేక్, కాఫీ లేక్, విస్కీ లేక్, కామెట్ లేక్, ఐస్ లేక్. 2019లో వచ్చిన పదో తరం ల్యాప్‌టాప్ చిప్‌లలో ఐస్ లేక్, కామెట్ లేక్ రెండూ ఉన్నాయి. ఒకటి 10 నానోమీటర్లది, ఇంకోటి 14 నానోమీటర్లది. పేరులో సగం భాగం అన్నింటికీ ఒకటే కావడంతో వేరుచేసి చూపించాల్సిన పేరే కలిపేసింది. డెబియన్ కూడా ఇక్కడ తప్పించుకోలేదు. దాని 10, 11, 12 రిలీజ్‌ల పేర్లు `buster`, `bullseye`, `bookworm`. వరుసగా మూడూ "బి"తోనే. వీటిలో ఏది ముందో ఏది వెనకో రోజూ వాడేవాళ్లు కూడా ఓసారి ఆగి గుర్తుచేసుకుంటారు.

## అక్షరాల వరుస

ఒక్కో కొత్త రిలీజ్ పేరు ఇంగ్లిష్ అక్షరమాలలో తర్వాతి అక్షరంతో మొదలవుతుంది. ఒకే వస్తువు ఆరునెలలకోసారి, ఏడాదికోసారి కొత్తగా వస్తుంటే ఇది చక్కటి పద్ధతి. పేరే వరుస చెబుతుంది. ఉబుంటులో `focal` తర్వాతే `jammy` వచ్చిందని ఎఫ్, జె చూసి చెప్పేయొచ్చు. ఉబుంటు పూర్తి పేరు రెండు మాటలే అయినా (జామీ జెల్లీఫిష్), కమాండ్లలో వాడేది మొదటి మాటే. పేరు రెండు మాటలైతే జనం ఒకటి ఎలాగూ వదిలేస్తారు, ఏది మిగలాలో ముందే మీరే తేల్చండి.

తేదీతో కట్టిన నంబరు కంటే ఇది ఎందుకు మేలో కూడా ఉబుంటులోనే కనిపిస్తుంది. 2006 ఏప్రిల్‌లో రావాల్సిన రిలీజ్ 6.04 కావాలి. ఆరువారాలు ఆలస్యమై జూన్‌లో వచ్చింది, నంబరు 6.06 అయింది. కోడ్‌నేమ్ మాత్రం డాపర్ డ్రేక్‌గానే ఉంది. ఆ పేరుతో రాసిన స్క్రిప్టులు, బగ్ రిపోర్టులు ఏవీ ముట్టుకోనక్కర్లేదు.

పరిమితి ఇరవయ్యారు. ఉబుంటు 2017లో జెడ్ అయిపోయి మళ్లీ ఎ దగ్గరికొచ్చింది. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ కూడా జెడ్ దాటాక పేరు ముందు 2023.1 అని ఏడాది చేర్చడం మొదలుపెట్టింది. ఏడాదికి రెండు రిలీజ్‌లు చేసే టీముకు ఇరవయ్యారు అక్షరాలంటే పదమూడేళ్లు, భయపడాల్సిన పనిలేదు. రెండు వారాలకోసారి రిలీజ్ చేసేవాళ్లు ఈ జోలికే పోవద్దు, నంబరు చాలు.

ఆండ్రాయిడ్ తన మిఠాయి పేర్లను బయటి వాడకంలోంచి 2019లో తీసేసింది. కొన్ని భాషలవాళ్లకు ఎల్, ఆర్ శబ్దాల తేడా తెలియదని, వరుస అందరికీ అర్థం కావట్లేదని అప్పుడు చెప్పారు. లోపల మాత్రం మిఠాయి పేర్లు ఆగలేదు.

## పక్కపక్కన పెడితే

| పేరు రకం | మార్పుకు నిలుస్తుందా | వినికిడి, స్పెల్లింగ్ | వెతుకులాట | కొత్తవాళ్లకు | సరిపడేది |
|---|---|---|---|---|---|
| పని చెప్పేది | పని మారితే తప్పవుతుంది | తేలిక | మామూలు మాటలతో కలిసిపోతుంది | వెంటనే తెలుస్తుంది | ఉండిపోయే సర్వీసులు, టేబుళ్లు |
| ఏమీ చెప్పని ఒక్క మాట | నిలుస్తుంది | ఎంపికనుబట్టి | చాలా బాగుంటుంది | జాబితా కావాలి | గడువున్న, గుట్టుగా ఉంచాల్సిన ప్రాజెక్టులు |
| ఒకే కుటుంబం | నిలుస్తుంది | పెరిగేకొద్దీ కలిసిపోతాయి | బాగానే ఉంటుంది | జాబితా కావాలి | నాలుగైదు పేర్లు చాలనుకునే టీములు |
| అక్షరాల వరుస | నిలుస్తుంది | మొదటి అక్షరాలు వేరు కాబట్టి మేలు | బాగుంటుంది | వరుస తెలుస్తుంది, పని తెలియదు | మళ్లీమళ్లీ వచ్చే రిలీజ్‌లు |
| తేదీ నంబరు | తేదీ జారితే తప్పవుతుంది | తేలిక | బాగోదు | ఎప్పటిదో తెలుస్తుంది | తేదీ తప్పని రిలీజ్‌లు |

## ఒక పేరు తేల్చిచూద్దాం

ఒక ఊహాత్మక టీము తీసుకుందాం. ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ, పాత రీఫండ్ లెక్కలను కొత్త డేటాబేస్‌కు మార్చే తొమ్మిది నెలల పని. టీములో సగం హైదరాబాద్, సగం అమెరికా. నదుల జాబితా ఉంది, అందులోంచి ఒకటి కావాలి.

కృష్ణ మొదటి వడపోతలోనే పోతుంది. ఏ తెలుగు ఆఫీసులోనైనా చాట్‌లో ఆ పేరు వెతికితే ముందు మనుషులు దొరుకుతారు. గోదావరి పేరుతో ఇప్పటికే మీటింగ్ రూమ్ ఉంటుంది, ఎవరి ఊరి రైలో కూడా ఉంటుంది. తుంగభద్రను ఒకరు `tungabhadra` అని, ఇంకొకరు `thungabadra` అని రాస్తారు. "త"కు `t` పెట్టేవాళ్లు, `th` పెట్టేవాళ్లు మనలోనే రెండు వర్గాలు కాబట్టి "త", "ద", వత్తులు ఉన్న పేర్లన్నింటిదీ ఇదే గతి. పాలేరు మంచి చిన్న పేరే, కానీ "పాలేరు టీము" అన్నాక ఆ టీమువాళ్ల మీద పడే జోకులకు అంతుండదు.

మూసీ నాలుగక్షరాల్లో అయిపోతుంది. కానీ కోడ్‌లో వెతికిచూడండి:

```
git grep -i musi | wc -l
git grep -iw musi | wc -l
```

మొదటిదానికి `music` ఉన్న ప్రతి లైనూ లెక్కలోకి వస్తుంది. పూర్తి మాటే వెతకమని రెండోదాంట్లో `-w` పెట్టాం, `music` తప్పుకుంటుంది. కానీ రేపు మీరు రాయబోయే `musi_client`, `MusiJob` కూడా దానికి దొరకవు, ఎందుకంటే అండర్‌స్కోరు, పక్క అక్షరం రెండూ దాని లెక్కలో అదే మాటలో భాగం. కాబట్టి పేరు `-w` లేకుండా వెతికినా సున్నా రావాలి. అదే అసలు పరీక్ష.

మిగిలింది సీలేరు, మున్నేరు. `sileru` అని వెతికితే సున్నా. "త", "ద" లేవు, ఆరక్షరాలు. డాలస్‌లో "సైలేరు" అని పలికినా రాసేది ఒకటే. మున్నేరు కూడా బాగానే ఉంది కానీ, ఈ రెండూ ఒకేసారి వాడకూడదు. లైను సరిగా లేని కాల్‌లో "...లేరు", "...న్నేరు" అని తోకలే వినిపిస్తాయి. సీలేరు ఖాయం చేసి మున్నేరును జాబితాలోంచి కొట్టేయాలి. ఇదే టీము విద్యుత్ కంపెనీకి పనిచేస్తుంటే మాత్రం సీలేరు కూడా వద్దు, ఆ పేరుతో అసలైన జలవిద్యుత్ కేంద్రమే ఉంది.

## ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు

పేరు దొరికాక అసలు నష్టం జరిగేది ఇక్కడ. బోర్డు, ఛానెల్, బ్రాంచి, తాత్కాలిక ఫీచర్ ఫ్లాగ్‌లలో `sileru` ఉండొచ్చు. ప్రాజెక్టు ముగిశాక అవన్నీ చెరిపేసేవే. డేటాబేస్ టేబుల్, బయటివాళ్లు పిలిచే ఏపీఐ అడ్రసు, ప్యాకేజీ ఐడీలో ఉండకూడదు. అవి ఉండిపోతాయి, వాటికి `refund_ledger` లాంటి పని పేరే పెట్టాలి.

ఈ గీత దాటితే ఏమవుతుందో పెద్ద కంపెనీల కోడే చూపిస్తుంది. విండోస్ 10లో కొన్ని రిలీజ్‌లకు లోపల రెడ్‌స్టోన్ అని పేరుండేది. ఆ పేరు ఇప్పటికీ డెవలపర్ల హెడర్ ఫైళ్లలో `NTDDI_WIN10_RS1` అని ఉంది. ఆపిల్ ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజూ టైపు చేసే `NSString`లో `NS` అంటే, ఆపిల్ 1990లలో కొన్న కంపెనీ నెక్స్ట్ తాలూకు నెక్స్ట్‌స్టెప్. ఆండ్రాయిడ్ 13ను బయట ఎవరూ మిఠాయి పేరుతో పిలవరు, కోడ్‌లో మాత్రం `Build.VERSION_CODES.TIRAMISU` అనే రాయాలి. వీటిని మారిస్తే వేల ప్రోగ్రాములు ఆగిపోతాయి కాబట్టి మార్చలేరు. వాళ్లకు డాక్యుమెంటేషన్ రాసే పెద్ద సైన్యం ఉంది. మీ టీములో మిగిలేది `sileru_txn` అనే టేబులు, అదేంటో తెలిసి రాజీనామా చేసి వెళ్లిపోయిన ఒక మనిషి.

## మీరెవరైతే ఏది

అయిదారుగురే ఉండి, ఒకటే వస్తువు చేస్తుంటే కోడ్‌నేమ్ అక్కర్లేదు. పని చెప్పే పేరు పెట్టుకుని ముందుకెళ్లండి.

క్లయింట్ల పని చేసే సర్వీసెస్ కంపెనీలో ఉంటే ఒక్క మాట పద్ధతే సరైనది. క్లయింటు పేరు, ఊరు, వ్యాపారం ఏదీ తొంగిచూడకూడదు. లిఫ్టులో, క్యాబ్‌లో మాట్లాడుకున్నా ఎవరికీ ఏమీ తెలియకూడదు కదా. పేరును టీము కాకుండా, ఆ క్లయింటు ఎవరో తెలియని మనిషి జాబితాలోంచి తీస్తే ఇంకా మేలు.

పది టీములున్న ప్రొడక్ట్ కంపెనీ అయితే రిలీజ్‌లకు అక్షరాల వరుస, సర్వీసులకు పని పేరు, గడువున్న పెద్ద మార్పులకు ఒక్క మాట. మూడూ కలిపి వాడటంలో తప్పులేదు, కలగాపులగం చేయడమే తప్పు. దీనికి అందరూ చూడగల ఒక ఫైలు తప్పనిసరి. పేరుకు ఒక లైను చాలు: పేరు, ఏం పని, ఎవరి టీము, ఎప్పుడు మొదలైంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది.

```
sileru | రీఫండ్ లెక్కలు కొత్త డేటాబేస్‌కు | చెల్లింపుల టీము | 2025-03 | నడుస్తోంది
```

ముగిసిన ప్రాజెక్టు లైను తీసేయొద్దు, "ముగిసింది" అని మార్చండి. ఆ పేరు ఇంకెవరికీ ఇవ్వొద్దు. మూడేళ్ల కిందటి మెయిల్లో కనిపించిన సీలేరు, ఇవాళ్టి సీలేరు వేరువేరు అయితే పేరు లేకపోవడమే నయం.

ఒక చిక్కు మిగిలింది. సగం దారిలో సీలేరు పని రెండుగా చీలిందనుకోండి: లెక్కల మార్పిడి ఒకటి, కస్టమర్‌కు కనిపించే కొత్త స్క్రీన్ ఇంకోటి. "సీలేరు-2" అనో "సీలేరు యూఐ" అనో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. మొదట అనుకున్న పనికి దగ్గరగా ఉన్న ముక్క సీలేరుగానే ఉంటుంది, రెండోదానికి జాబితాలోంచి కొత్త పేరు వస్తుంది. ఫైల్లో కొత్త లైను చివర "సీలేరులోంచి విడింది" అని, విడిన తేదీ రాస్తే సరిపోతుంది.